అన్నీ ఒకేసారి అడగాలా, ముందు మూడే అడగాలా?

20 మంది పట్టే వర్క్‌షాప్‌కి రిజిస్ట్రేషన్ ఫారం రెండు రకాలుగా పెట్టొచ్చు.

మొదటిది అన్నీ ఒకేసారి అడుగుతుంది: పేరు, ఫోన్, ఈమెయిల్, పుట్టినతేదీ, చిరునామా, ఉద్యోగం. సెల్‌ఫోన్‌లో నింపేవాళ్లు చాలామంది చిరునామా దగ్గరే విసిగి వదిలేస్తారు. సబ్మిట్ నొక్కలేదు కాబట్టి వాళ్లెవరో మనకి తెలియదు.

రెండోది పేరు, ఈమెయిల్, ఏ బ్యాచ్ అనేవి మాత్రమే అడిగి సీటు ఖాయం చేస్తుంది. ల్యాప్‌టాప్ తెచ్చుకుంటారా, వీల్‌చైర్ దారి కావాలా వంటివి ఆ తర్వాత మెయిల్‌లో లింక్ పంపి అడుగుతాం. కొందరు ఆ లింక్ తెరవరు, నిజమే. అయినా ఈమెయిల్ చేతిలో ఉంది కాబట్టి గుర్తుచేయొచ్చు. ఆ ఈమెయిలే తప్పుగా కొడితే మాత్రం మనిషి దొరకడు. అందుకే సబ్మిట్‌కి ముందు దాన్ని పెద్ద అక్షరాల్లో మళ్లీ చూపించాలి.

నేనైతే రెండోదే పెడతాను. పుట్టినతేదీ కూడా అక్కర్లేదు, "18 నిండాయా?" అన్న టిక్ చాలు.