ఫెయిర్‌నెస్ క్రీమ్ ప్రకటనల కట్టడికి ఏది మేలు: నిరసనా, నియమావళా, వినియోగదారుల కోర్టా?

ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మన మార్కెట్లోకి వచ్చింది. నాటి నుంచి ఈ ప్రకటనలు రంగుతో పాటు, రంగు తక్కువైతే సంబంధం కుదరదేమో, ఉద్యోగం రాదేమో అన్న భయానికి విరుగుడును కూడా అమ్ముతూ వచ్చాయి. పెళ్లి ప్రకటనల్లో తెల్లని వధువు కావలెనని మనమే రాసుకుంటూంటే, ఆ భయాన్ని కొత్తగా పుట్టించే శ్రమ కంపెనీలకు లేకపోయింది. పైగా ఈ క్రీమ్‌లోని నియాసినమైడ్, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పైపొర కణాలకు చేరడాన్ని కొంత తగ్గిస్తుందే తప్ప పుట్టు రంగును మార్చదు. వాడకం ఆపితే ఆ కాస్త ప్రభావమూ పోతుంది కనుక ట్యూబు మళ్లీ కొనవలసిందే.

నిరసన బలం 2003లో కనిపించింది. కొడుకు ఉంటే బాగుండేదని తండ్రి నిట్టూర్చడం, కూతురు క్రీమ్ రాసుకుని ఎయిర్ హోస్టెస్ అయి తల్లిదండ్రులను పెద్ద హోటల్‌కు కాఫీకి తీసుకెళ్లడం అప్పటి ఒక ఫెయిర్ అండ్ లవ్లీ ప్రకటన కథ. మహిళా సంఘం ఐద్వా పోరాటంతో అది ఆగిపోయింది. 2020లో వెల్లువెత్తిన విమర్శకు ఫెయిర్ అండ్ లవ్లీ కాస్తా గ్లో అండ్ లవ్లీ అయింది. ఇది త్వరగా పనిచేసే మార్గమే కానీ మారింది ప్రధానంగా పేరు. ఆ వెంటనే 'గ్లో అండ్ హ్యాండ్సమ్' అన్న పేరు ఎవరిదని రెండు పెద్ద కంపెనీలు కోర్టుకెక్కడం చూస్తే, ఆ కొత్త మాటకూ ఎంత గిరాకీ ఉందో తెలుస్తుంది.

వినియోగదారుల కోర్టు జేబు మీద కొడుతుంది. 2013లో 79 రూపాయలు పెట్టి మగవారి క్రీమ్ ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ కొన్న ఒక ఢిల్లీవాసి, తన రంగు మారలేదని కేసు వేస్తే, అది పై కమిషన్ దాకా వెళ్లి తిరిగొచ్చి, 2024 డిసెంబరులో జిల్లా ఫోరం ఆ క్రీమ్ కంపెనీ ఇమామీకి 14.5 లక్షల రూపాయల జరిమానా వేసింది. అంటే ఒక ట్యూబుకు పదకొండేళ్లు! అదీగాక, ఫోరం తూచగలిగింది ఇచ్చిన హామీని. 'తెలుపు' అనకుండా 'కాంతి' అంటే దేనితో కొలుస్తారు?

అందుకే నా మొగ్గు ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ 2014లో తెచ్చిన నియమావళి వైపు. నల్లగా ఉన్నవారిని దిగులుగా, అందవిహీనంగా, పెళ్లిలోనో ఉద్యోగంలోనో వెనుకబడినవారిగా చూపరాదని అది చెబుతుంది. మాట మార్చినా కథ మారకపోతే ఉల్లంఘనే. ఆస్కీకి సొంతంగా శిక్షించే అధికారం లేకపోయినా, దాని కోడ్‌ను ఉల్లంఘించే ప్రకటన కేబుల్‌లో రాకూడదని కేబుల్ టీవీ నిబంధనలు చెబుతున్నాయి. ఫోన్ తెరకు మాత్రం ఆ కేబుల్ నిబంధన వర్తించదు, ప్రకటనలు ఇప్పుడు అటే పోతున్నాయి.