పేబ్యాక్, డిస్కౌంటెడ్ పేబ్యాక్, లాభదాయకత సూచిక: ఏది మేలు, ఏది ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది?

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు ఉందనుకుందాం. యజమాని ముందు రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. ఒకటి రంగు మారిన గింజలను ఏరివేసే సార్టెక్స్ యంత్రం, రెండోది మిల్లు కప్పు మీద సోలార్ ప్లాంటు. రెండింటికీ 40 లక్షల రూపాయలే ఖర్చు. సార్టెక్స్ పెడితే మొదటి రెండేళ్లు ఏడాదికి 16 లక్షలు, మూడో ఏట 12 లక్షలు, నాలుగో ఏట 8 లక్షలు అదనంగా వస్తాయి. ఆ తర్వాత చుట్టుపక్కల మిల్లులన్నీ అదే యంత్రం పెట్టుకోవడంతో శుభ్రమైన బియ్యానికి దక్కే అదనపు ధర పోతుంది కాబట్టి రాబడి ఆగిపోతుంది. సోలార్ ఏటా 8 లక్షల కరెంటు బిల్లు తగ్గిస్తుంది, 20 ఏళ్లు పనిచేస్తుంది, కాకపోతే పన్నెండో ఏట ఇన్వర్టర్ మార్చడానికి 6 లక్షలు పెట్టాలి. ఈ అంకెలన్నీ లెక్క వివరించడం కోసం వేసుకున్నవే. యజమాని తన డబ్బు మీద కనీసం 12 శాతం రావాలని కోరుకుంటున్నాడు, పన్నులను ప్రస్తుతానికి పక్కన పెట్టాం.

పెట్టుబడి ఎంతకాలంలో తిరిగొస్తుందో చూసే పేబ్యాక్ లెక్క నోటితోనే తేలిపోతుంది. సార్టెక్స్ మీద రెండేళ్లలో 32 లక్షలు వస్తే, మిగిలిన 8 లక్షలు మూడో ఏట వచ్చే 12 లక్షల్లో ఎనిమిది నెలలకు దొరుకుతాయి, అంటే 2 సంవత్సరాల 8 నెలలు. సోలార్‌కు సరిగ్గా 5 ఏళ్లు. 'మూడేళ్లలో తిరిగి రాని దాని జోలికి పోవద్దు' అనే నియమం పెట్టుకున్న మిల్లులో సోలార్ కాగితం అక్కడితో పక్కకు పోతుంది. ఇప్పుడు అవే రాబడులను 12 శాతం చొప్పున, అంటే ఏడాది తర్వాత వచ్చే 112 రూపాయలు ఇవాళ్టి 100 రూపాయలతో సమానమన్న లెక్కన, నేటి విలువకు తెచ్చి చూద్దాం. సార్టెక్స్ నాలుగేళ్ల రాబడి నేటి విలువ 40.67 లక్షలు, అంటే పెట్టుబడి పోగా మిగిలేది 67 వేలు. సోలార్‌కు ఇన్వర్టర్ ఖర్చు కూడా తీసేశాక నేటి విలువ 58.2 లక్షలు, మిగిలేది 18.2 లక్షలు. ఇలా మిగిలేదాన్నే నికర ప్రస్తుత విలువ అంటారు. పేబ్యాక్ ముందు నిలబెట్టిన యంత్రం యజమానికి దాదాపు ఏమీ మిగల్చలేదు.

పేబ్యాక్ డబ్బు కాలవిలువను, అంటే ఇవాళ వచ్చే రూపాయికీ రేపు వచ్చే రూపాయికీ ఉన్న తేడాను, పట్టించుకోదని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. అది నిజమే గానీ ఇక్కడ జరిగిన పొరపాటుకు అసలు కారణం అది కాదు. పెట్టుబడి చేతికొచ్చిన రోజు తర్వాత ఏం జరుగుతుందో ఈ కొలత చూడనే చూడదు. సోలార్ ఆరో ఏట నుంచి ఇరవయ్యో ఏట దాకా ఇచ్చే రాబడి, సార్టెక్స్ ఐదో ఏట నుంచి ఇచ్చే సున్నా, రెండూ దానికి ఒకటే.

గడువు పెట్టడంలో ఇంకో చిక్కు కూడా దాగి ఉంది. ఏటా సమానంగా, చాలా ఏళ్లు రాబడి ఇచ్చే పథకం విషయంలో ఒకటిని పేబ్యాక్ సంవత్సరాలతో భాగిస్తే దాని రాబడి రేటుకు దగ్గరి అంకె వస్తుంది. సోలార్‌కు ఐదింట ఒకటి, అంటే సుమారు 20 శాతం. దీన్ని తిరగేసి చూస్తే, 20 ఏళ్లు నడిచే ఆస్తికి మూడేళ్ల గడువు పెట్టిన యజమాని తెలియకుండానే దాని మీద దాదాపు 33 శాతం రాబడి అడుగుతున్నాడు. తనకు కావలసింది 12 శాతమే అని చెబుతున్న ఆ మనిషే, 13 శాతానికి కూడా చేరని సార్టెక్స్‌కు ఆ గడువు వల్లే సరే అంటున్నాడు. ఒకే గడువు తక్కువ కాలం నడిచే యంత్రానికి మెత్తగా, దీర్ఘకాలం నడిచే ఆస్తికి కఠినంగా పనిచేస్తుందన్నమాట.

అయినా పేబ్యాక్‌ను పూర్తిగా తీసిపారేయలేం. వడ్లు కొనే సీజన్‌కు చేతిలో నగదు లేకపోతే మిల్లు ఆగిపోతుంది కాబట్టి, పెట్టిన డబ్బు ఎన్నాళ్లు ఇరుక్కుపోతుందో యజమానికి తెలియాలి. ఆ ప్రశ్నకు పేబ్యాక్ నేరుగా జవాబిస్తుంది. అది నగదు గురించిన ప్రశ్నే తప్ప లాభం గురించినది కాదని గుర్తుంటే చాలు.

డిస్కౌంటెడ్ పేబ్యాక్ ఈ లోపాన్ని సరిదిద్దుతుందని చాలామంది నమ్ముతారు. ప్రతి ఏటి రాబడినీ ముందు నేటి విలువకు తగ్గించి, ఆ తర్వాత అసలు ఎప్పటికి పూడుతుందో లెక్కించడమే ఈ పద్ధతి. సార్టెక్స్ మూడేళ్ల రాబడి నేటి విలువ 35.6 లక్షలు, మిగిలిన 4.4 లక్షలు నాలుగో ఏటి 5.1 లక్షల్లోంచి రావాలి కాబట్టి గడువు దాదాపు 3.9 ఏళ్లకు జరుగుతుంది. సోలార్ ఎనిమిదేళ్లలో 39.7 లక్షలు పూడ్చి, తొమ్మిదో ఏట మొదట్లోనే గట్టెక్కుతుంది, అంటే సుమారు 8.1 ఏళ్లు. వరుస మారలేదు సరికదా, సోలార్ ఇంకా వెనకబడినట్టు కనిపిస్తోంది. గడువు తర్వాతి కాలాన్ని చూడని గుడ్డితనం అలాగే ఉంది. దానికి తోడు, తగ్గింపు లెక్క దీర్ఘకాలపు ఆస్తి గడువునే ఎక్కువగా సాగదీసింది.

అయితే సాధారణ పేబ్యాక్ ఇవ్వలేని ఒక హామీని ఇది ఇస్తుంది. ముందు ఖర్చు, ఆ తర్వాత అన్నీ రాబడులే అయినప్పుడు, ఆస్తి జీవితకాలం లోపల డిస్కౌంటెడ్ పేబ్యాక్ పూర్తయితే నికర ప్రస్తుత విలువ సున్నాకు తగ్గదు. ఆ షరతు తప్పినచోట హామీ కూడా పోతుంది. చీమకుర్తిలో ఒక గ్రానైట్ క్వారీ ఉందనుకోండి. కోటి రూపాయలు పెడితే ఐదేళ్లపాటు ఏటా 32 లక్షలు మిగులుతాయి, ఆరో ఏట తవ్విన గోతులను సరిచేసి మూసివేయడానికి 40 లక్షలు ఖర్చవుతాయి. డిస్కౌంటెడ్ పేబ్యాక్ 4.15 ఏళ్లకే పూర్తవుతుంది, ఐదేళ్ల తవ్వకంలోపే కాబట్టి చూడడానికి క్షేమమే. కానీ రాబడుల నేటి విలువ 115.4 లక్షలు, మూసివేత ఖర్చు నేటి విలువ 20.3 లక్షలు కాబట్టి కోటి తీసేస్తే దాదాపు 5 లక్షల నష్టం. చివర్లో ఖర్చుండే ఏ పథకంలోనైనా ఈ కొలత 'అసలు వచ్చేసింది' అని చెప్పిన తర్వాతే అసలు కథ మొదలవుతుంది. గనులు, బూడిద చెరువులు, అద్దెకు తీసుకుని తిరిగి అప్పగించాల్సిన స్థలాలు ఇలాంటివే. దీన్ని పట్టుకునే మార్గం ఒకటే: ఏటేటా రాబడి, ఖర్చు రాసుకున్న పట్టికలో, అసలు పూడిన తేదీ తర్వాత వచ్చే గడుల్లో ఎక్కడైనా మైనస్ అంకె ఉందేమో చూడాలి.

లాభదాయకత సూచిక వేరే రకం. రాబడుల నేటి విలువను పెట్టుబడితో భాగిస్తే వచ్చే ఈ అంకె గడువు తర్వాతి కాలాన్ని కూడా కలుపుకుంటుంది కాబట్టి, పై రెండింటి గుడ్డితనం దీనికి లేదు. సార్టెక్స్‌కు 1.02, సోలార్‌కు 1.46 వస్తాయి. ఒకటి దాటితే పథకం పనికొస్తుంది, అది నికర ప్రస్తుత విలువ చెప్పే మాటే. చిక్కల్లా పోల్చేటప్పుడు వస్తుంది, ఎందుకంటే ఇది నిష్పత్తి, మొత్తం కాదు.

మిల్లు కప్పు ఒక్కటే. దాని మీద 40 లక్షల ప్లాంటైనా పెట్టాలి, 90 లక్షల పెద్ద ప్లాంటైనా పెట్టాలి. పెద్దదాని ఆదా ఏటా 16.5 లక్షలు, పన్నెండో ఏటి ఇన్వర్టర్ ఖర్చు 12 లక్షలు. మిల్లు నడవని నెలల్లో మిగిలిన కరెంటుకు గ్రిడ్ నుంచి తక్కువ ధరే వస్తుందని అనుకున్నాం కాబట్టి ప్లాంటు పెరిగినంతగా ఆదా పెరగలేదు. దీని నికర ప్రస్తుత విలువ 30.2 లక్షలు, సూచిక 1.34. సూచికను బట్టి చూస్తే చిన్నదే మేలు, కానీ దాన్ని ఎంచుకున్న యజమాని 12 లక్షలు వదులుకున్నట్టే. ఈ సందేహం తీర్చడానికి తేడాను విడిగా ఒక పథకంగా చూడాలి. చిన్నదానికి బదులు పెద్దది పెట్టడానికి అదనంగా 50 లక్షలు కావాలి, ఆ అదనపు డబ్బు తెచ్చే నేటి విలువ సుమారు 62 లక్షలు, సూచిక 1.24. ఇది ఒకటి దాటింది కాబట్టి డబ్బుకు కొరత లేనంతకాలం పెద్ద ప్లాంటే సరైనది.

డబ్బుకు కొరత ఉన్నప్పుడే సూచిక నిజంగా పనికొస్తుంది, అక్కడే ఇంకోలా మోసం కూడా చేస్తుంది. మిల్లుకు ఒక డ్రయ్యర్ కూడా అవసరమనుకుందాం. ఖర్చు 60 లక్షలు, పదేళ్లపాటు ఏటా 13.3 లక్షలు ఇస్తుంది.

| పథకం | ఖర్చు (లక్షలు) | నికర ప్రస్తుత విలువ (లక్షలు) | సూచిక |
|---|---|---|---|
| చిన్న సోలార్ | 40 | 18.2 | 1.46 |
| పెద్ద సోలార్ | 90 | 30.2 | 1.34 |
| డ్రయ్యర్ | 60 | 15.1 | 1.25 |
| సార్టెక్స్ | 40 | 0.7 | 1.02 |

చేతిలో కోటి రూపాయలుంటే సూచిక వరుసలో వెళ్లడం సరిపోతుంది. చిన్న సోలార్, దాని తర్వాత డ్రయ్యర్ కలిస్తే సరిగ్గా కోటి అవుతుంది, మిగిలేది 33 లక్షలకు పైగా. పెద్ద సోలార్ ఒక్కటే పెడితే 30.2 లక్షలే. అదే చేతిలో 90 లక్షలే ఉంటే? వరుస ప్రకారం ముందు చిన్న సోలార్ తీసుకుంటే 50 లక్షలు మిగులుతాయి, అందులో డ్రయ్యర్ పట్టదు, పట్టేది సార్టెక్స్ ఒక్కటే. మొత్తం 18.9 లక్షలు వస్తాయి, ఇంకో 10 లక్షలు ఖాళీగా కూర్చుంటాయి. ఆ 90 లక్షలూ పెద్ద సోలార్‌లో పెడితే 30.2 లక్షలు. పథకాలను ముక్కలు చేయడం కుదరనప్పుడు, అంటే సగం డ్రయ్యర్ కొనలేనప్పుడు, సూచిక వరుస నమ్మదగినది కాదు. మూడు నాలుగు పథకాలే ఉంటే, బడ్జెట్‌లో పట్టే కలయికలన్నీ కాగితం మీద రాసుకుని మొత్తం నికర ప్రస్తుత విలువ ఎక్కువ ఉన్న కలయికను తీసుకోవడమే తేలిక.

సూచికలో ఇంకో చిన్న మెలిక ఉంది. పన్నెండో ఏటి ఇన్వర్టర్ ఖర్చును రాబడిలోంచి తీసివేయకుండా పెట్టుబడిలో కలిపితే చిన్న సోలార్ సూచిక 1.46 నుంచి 1.44కు తగ్గుతుంది, నికర ప్రస్తుత విలువ మాత్రం ఒక్క రూపాయి కూడా మారదు. ఇక్కడ తేడా చిన్నదే గానీ, ఇద్దరు అకౌంటెంట్లు ఒకే పథకానికి వేర్వేరు సూచికలు ఇవ్వగలరంటే, రెండు పథకాల కాగితాలు పక్కపక్కన పెట్టేముందు ఏ ఖర్చును ఎక్కడ వేశారో అడగక తప్పదు.

90 లక్షల దగ్గర ఆగిన యజమాని వేసుకోవాల్సిన ఇంకో లెక్కను ఈ మూడు కొలతల్లో ఏదీ చూపదు. ఇంకో 10 లక్షలు దొరికితే ఉత్తమ కలయిక విలువ 30.2 నుంచి 33.4 లక్షలకు పెరుగుతుంది. కాబట్టి ఆ 10 లక్షల అప్పుకు మామూలు 12 శాతం మీద పడే అదనపు భారం, నేటి విలువలో 3.2 లక్షలు దాటనంతవరకు, బ్యాంకు గడప తొక్కడం దండగ కాదు.