కోడి అడిగితే దాణా బస్తా అంటగట్టారు: ప్రీబయోటిక్ డబ్బాతో జాగ్రత్త

మన కాలనీ గ్రూపులో అందరూ తెగ మెచ్చుకునే ఆ ఆర్గానిక్ షాపు గురించే చెబుతున్నా, పేరు రాయను, మీకు తెలుసు. అమ్మకి పంటి ఇన్‌ఫెక్షన్‌కి యాంటీబయోటిక్ వాడాక విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టర్ చీటీ కింద 'ప్రోబయోటిక్ సాచెట్, 5 రోజులు' అని రాశారు. పక్కనే ఉన్న మెడికల్ షాపుకి వెళ్తే అయిపోయేది. నేను తెలివైనదాన్ని కదా, మందు కంటే తిండి రూపంలో అయితే మంచిదనుకుని ఆ షాపుకి ఫోన్ చేసి ప్రోబయోటిక్ ఏదైనా పంపమన్నాను. 899 రూపాయల డబ్బా వచ్చింది. ముందువైపు నవ్వుతున్న బ్యాక్టీరియా బొమ్మ, 'మంచి బ్యాక్టీరియాకు తోడ్పాటు' అని పెద్ద అక్షరాలు. నేను వెనక్కి తిప్పి చూడలేదు. రోజుకి రెండు స్కూపులు కలిపి ఇచ్చాను.

రెండో రోజు రాత్రికి అమ్మ పొట్ట డప్పులా ఉబ్బింది, విరేచనాలు తగ్గకపోగా పెరిగాయి. అప్పుడు చూశాను వెనకాల: చికోరీ వేరు నుంచి తీసిన ఇన్యులిన్, స్కూపుకి 7 గ్రాములు. బ్యాక్టీరియా పేరు ఎక్కడా లేదు. ముందువైపు కూడా చిన్న అక్షరాల్లో ఉన్నది 'ప్రీబయోటిక్' అనే. ప్రో కాదు, ప్రీ!

షాపాయనకి ఫోన్ చేస్తే ఏమన్నాడో వినండి. "మేడమ్, ప్రీ, ప్రో అంతా ఒకటే, స్పెల్లింగ్ తేడా అంతే. డబ్బా ఓపెన్ చేశారు కాబట్టి రిటర్న్ కుదరదు." నేను ఇంకా మాట్లాడుతుండగానే పెట్టేశాడు. డబ్బు పోయినందుకు కాదు, స్పెల్లింగ్ తేడా అన్నాడు చూడండి, అదే ఇప్పటికీ చెవుల్లో గింగురుమంటోంది. రోజూ అమ్మే వస్తువు ఏంటో తెలియనివాడు గట్ హెల్త్ మీద వారం వారం మెసేజీలు పెడతాడు!

తేడా ఏంటో మర్నాడు డాక్టర్ దగ్గర చీవాట్లతో పాటు తెలిసింది. ప్రోబయోటిక్ అంటే ప్రాణమున్న సూక్ష్మజీవులు, సరిపడా మోతాదులో తీసుకుంటే ఒంటికి మేలు చేస్తాయని తేలినవి. ప్రీబయోటిక్‌లో ప్రాణమున్నదేమీ ఉండదు. అది మనకి అరగని పీచు లాంటి పదార్థం, పేగుల్లో అప్పటికే ఉన్న మంచి బ్యాక్టీరియాకి మేత. ఇన్యులిన్, ఎఫ్‌ఓఎస్, జీఓఎస్ అని లేబుల్ మీద కనిపించేవి ఇవే. అంటే నేను కోడి కావాలంటే ఆయన దాణా బస్తా పంపాడన్నమాట. ఉల్లి, వెల్లుల్లిలోనూ ఈ మేత ఉంటుంది, కాబట్టి అది విషమేమీ కాదు. కానీ బ్యాక్టీరియా దాన్ని తింటూ గ్యాస్ వదులుతాయి, పెద్ద మోతాదైతే పేగుల్లోకి నీరు కూడా లాగుతుంది. అలవాటు లేని పొట్టకి రెండు మూడు గ్రాములతో మొదలుపెట్టాల్సింది, విరేచనాలతో ఉన్న మనిషికి నేను రోజుకి 14 గ్రాములు పోశాను. పాపం అమ్మ, "ఆరోగ్యానికే కదా" అని మాట్లాడకుండా తాగేసింది.

డాక్టర్ రాసిన సాచెట్‌లో ఉన్నది సాకరోమైసిస్ బౌలార్డీ అనే ఈస్ట్ అట. ఈస్ట్ కాబట్టి యాంటీబయోటిక్ దాన్ని చంపదు, అందుకే రాశారు. ఇంట్లో పెరుగు ఉందిగా అన్నాను. పెరుగులో బతికున్న బ్యాక్టీరియా ఉంటాయి, తినండి, కానీ ఏ రకం ఎంత ఉందో, అది ఈ సమస్యకి పనిచేస్తుందని తేలిందో లేదో ఎవరు చెప్పగలరు అన్నారు.

ఇక మీరు చూడాల్సింది చెప్పి వదిలేస్తా. నిజంగా ప్రోబయోటిక్ అయితే వెనకాల జీవి పేరు పూర్తిగా ఉండాలి, లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అన్నట్టు, చివర ఆ రకం గుర్తుతో సహా. పక్కనే సీఎఫ్‌యూ లెక్క, అంటే బతికున్నవి ఎన్ని అని. మన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లో రోజు మోతాదుకి కనీసం 10 కోట్లు అని ఉంది. ఆ లెక్క తయారైన రోజుదా, ఎక్స్‌పైరీ దాకా ఉండేదా అన్నది కూడా చూడండి, ఎందుకంటే డబ్బాలో ఉండగానే చచ్చిపోతూ ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టమని రాసి ఉన్నదాన్ని ఎండలో స్కూటర్ మీద తెచ్చి ఇస్తే తీసుకోకండి. పేరూ లేదు, సీఎఫ్‌యూ లేదు, ఇన్యులినో ఎఫ్‌ఓఎసో మాత్రమే ఉంది అంటే అది మేతే, ముందువైపు ఎన్ని బొమ్మలు నవ్వినా.

అమ్మకి ఇప్పుడు నయం. డబ్బాలో ముప్పావు వంతు పొడి అలాగే ఉంది. మలబద్ధకం ఉన్నవాళ్లెవరికైనా కావాలంటే వచ్చి పట్టుకెళ్లండి, అర స్కూపు కంటే తక్కువతో మొదలుపెట్టండి.