రిమైండర్ ఎన్నిసార్లు మోగి ఆగాలి: రెండేళ్ల వాడకం తర్వాత

ఈ రిమైండర్ యాప్‌ని రెండేళ్లుగా రోజూ వాడుతున్నాను. రంగులు, లిస్టులు, విడ్జెట్లు అన్నింట్లోనూ ఉండేవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను రాయాలనుకున్నది సెట్టింగ్స్‌లో మూలన ఉండే ఒక్క వరుస గురించే. మనం పట్టించుకోకపోయినా, వాయిదా వేసినా, పక్కకి నెట్టేసినా రిమైండర్ ఇంకా ఎన్నిసార్లు మోగి ఊరుకోవాలో చెప్పే వరుస అది. ఈ యాప్‌ని నేను ఇష్టపడడానికీ, ఒక రోజంతా దాని మీద మండిపడడానికీ కారణం అదే.

పోయిన ఏడాది అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది. మొదటి వారం రోజుకి 6 సార్లు కంట్లో చుక్కలు వేయమన్నారు. ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా మూడేసి గంటలకోసారి రిమైండర్ పెట్టుకున్నాను. యాప్‌లో ముందే ఉన్న సెట్టింగ్ 5 నిమిషాల గ్యాప్, 3 సార్లు. ఈ ‘3 సార్లు’లో మొదటి మోత లెక్కలోకి రాదు. 10 గంటలకి ఒకసారి మోగి, తర్వాత 10:05, 10:10, 10:15కి మోగుతుంది. మొత్తం 4. క్యాలెండర్ ఫైళ్ల ప్రమాణంలో కూడా `REPEAT:3` అంటే మొదటిది కాక మరో మూడు అనే అర్థం. అన్ని యాప్‌లూ ఇలాగే లెక్కపెడతాయన్న గ్యారంటీ లేదు కాబట్టి మీ దాంట్లో ఒకసారి పెట్టి చూసుకోండి.

మూడు సార్లంటే చాలనిపిస్తుంది. కానీ చూడాల్సింది అంకె కాదు, గ్యాప్‌తో గుణిస్తే వచ్చే సమయం. 5 నిమిషాల చొప్పున మూడు సార్లంటే పావుగంట. నేను ఆఫీసు కాల్‌లో కూర్చుంటే నలభై నిమిషాలు లేవను. రెండో రోజే ఒక డోసు అలా పోయింది. కోపమొచ్చి సెట్టింగ్‌ని 1 నిమిషం గ్యాప్‌కీ, ‘ఆపేదాకా’కీ మార్చేశాను. రెండు రోజులు అద్భుతంగా పనిచేసింది. అక్కకి ఫోన్ చేసి, నువ్వు కూడా ‘ఆపేదాకా’ పెట్టుకో, ఇక మర్చిపోవడమన్నదే ఉండదని గట్టిగా చెప్పాను.

మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ ఛార్జింగ్‌లో వదిలేసి బయటికి వెళ్లిపోయాను. 1 గంటకి మోగడం మొదలైంది. నాన్న టైముకి చుక్కలు వేసేశారు గానీ, నా ఫోన్ లాక్ తెలియక ఆపలేకపోయారు. మోత భరించలేక దాని మీద దిండు పెట్టారట. కాసేపటికి అదే ఆగిపోయింది. నేను మూడున్నరకి వచ్చేసరికి స్క్రీన్ నిండా నోటిఫికేషన్ల గుట్ట. చుక్కలు వేసేశామని నాన్న చెప్పారు కదా అని, యాప్ తెరవకుండానే అన్నింటినీ ఒక్కసారిగా తుడిచేసి పనిలో పడిపోయాను. 4 గంటల రిమైండర్ మోగలేదు. ఒక్కసారి కూడా మోగలేదు. 5:20కి అమ్మ “ఇవాళ చుక్కల్లేవా?” అని అడిగితే గానీ నాకు తెలియలేదు. నా గుండె జారిపోయింది. డాక్టర్‌కి ఫోన్ చేస్తే, ఇప్పుడు వేసి తర్వాతవి మామూలుగా కొనసాగించమన్నారు.

ఎందుకిలా అయిందో కనుక్కోవడానికి ఆ రాత్రంతా పట్టింది. మనం అనుకున్నట్టు యాప్ లోపల మేలుకుని కూర్చుని నిమిషనిమిషానికీ గంట కొట్టదు. మళ్లీ మోగాల్సిన ప్రతి మోతనీ ఒక్కో నోటిఫికేషన్‌గా ముందే ఫోన్‌కి అప్పగించి నిద్రపోతుంది. నా ఫోన్ సిస్టమ్ ఒక్కో యాప్ నుంచి ఇలాంటివి 64 మాత్రమే దాచుకుంటుంది. అందులోనూ ముందుగా మోగాల్సిన 64 ఉంచుకుని, మిగతావి వదిలేస్తుంది. 1 గంట రిమైండర్ నిమిషానికొకటి చొప్పున 2:03 దాకా ఆ 64 చోట్లనీ తినేసింది. 4 గంటలదానికి చోటే మిగల్లేదు. మళ్లీ యాప్ తెరిచి ఉంటే జాబితాని కొత్తగా అప్పగించేది. నేను తెరవలేదు. ‘ఆపేదాకా’ అన్న మాటకి అసలు అర్థం ‘64 అయ్యేదాకా’ అన్నమాట. ఆ సంగతి యాప్‌లో ఎక్కడా రాసి లేదు. నా అసలు కోపం దాని మీదే.

మీ యాప్‌కీ ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవడం తేలికే. 1 నిమిషం గ్యాప్‌తో, ఆగకుండా మోగేలా ఒక రిమైండర్ పెట్టండి. రెండు గంటల తర్వాతకి ఇంకోటి పెట్టండి. ఫోన్‌ని ముట్టుకోకుండా పక్కన పెట్టేయండి. రెండోది మోగకపోతే అదే లెక్క. బాగా రాసిన యాప్‌లు ప్రతి రిమైండర్ మొదటి మోతకీ ముందు చోటు కేటాయించి, మిగిలినవాటినే మళ్లీ మోతలకి పంచుతాయి.

ఇప్పుడు నాది 10 నిమిషాల గ్యాప్, 6 సార్లు. మొదటి మోతతో కలిపి 7. గంటసేపు వదిలిపెట్టదు. రోజుకి 6 రిమైండర్లంటే 42 మోతలు, 64లో హాయిగా సరిపోయాయి. అదే గంటని 5 నిమిషాల గ్యాప్‌తో 12 సార్లుగా పెట్టి ఉంటే మొత్తం 78 అయ్యేవి. అప్పుడు రాత్రి 10 గంటల డోసే గల్లంతయ్యేది.

ఇంత జరిగినా ఈ యాప్‌ని ఎందుకు వదల్లేదంటే, స్వైప్ విషయంలో దానికున్న తెలివి. పట్టించుకోకపోవడం, స్నూజ్ నొక్కడం, పక్కకి నెట్టేయడం, ఈ మూడింటినీ ఇది వేర్వేరుగా చూస్తుంది. నెట్టేస్తే అయిపోయిందని అనుకోదు. పది నిమిషాల తర్వాత ఒకే ఒక్కసారి మళ్లీ వస్తుంది. దాన్ని కూడా నెట్టేస్తే ఇక రాదు. ఈ ‘ఒక్కసారి’ నాకు చాలా నచ్చింది. తరచూ మోగే దాన్ని వేలు చూడకుండానే తోసేస్తుంది, అది చేతికి అలవాటైపోతుంది. మొదటిసారి అలవాటుగా తోసేసింది రెండోసారి వచ్చినప్పుడు, నేను నిజంగా చదివి నిర్ణయం తీసుకున్న రోజులు బోలెడు.

స్నూజ్ గురించి మాత్రం మొదట్లో అనుకున్నంత గొప్పగా ఇప్పుడు చెప్పలేను. మూడు స్నూజ్‌ల తర్వాత అది ఇక వాయిదా ఇవ్వదు, టైము నువ్వే చెప్పమంటుంది. బద్ధకానికి అది మంచి మందే. కానీ అమ్మకి రెండు రకాల చుక్కలు, రెండింటి మధ్య 5 నిమిషాలు ఆగాలి. నేను మొదటిది వేసి స్నూజ్ నొక్కేవాణ్ని, రెండోదానికి గుర్తు చేస్తుందని. అది నిజమైన పని, వాయిదా కాదు. యాప్ దాన్ని కూడా లెక్కలో వేసుకుంది. చివరికి రెండో సీసాకి విడిగా రిమైండర్లు పెట్టాల్సి వచ్చింది. 42 కాస్తా పెరిగిపోవడంతో ఆ రెండోవాటికి మళ్లీ మోగడం 2 సార్లకి తగ్గించాను. 42కి 18 కలిపితే 60.

అక్కకి మళ్లీ ఫోన్ చేసి ‘ఆపేదాకా’ తీసేయమన్నాను. తను తీయలేదు. తనకి రోజుకి ఒకటే మాత్ర, ఒకటే రిమైండర్, ఫోన్ ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. తన లెక్కకి అదే సరిపోతుందేమో. నాకు రోజుకి ఆరు ఉన్నాయి, ఫోన్ వదిలేసి తిరిగే అలవాటుంది, కాబట్టి నా అంకె 6 దగ్గర ఆగింది. వచ్చే నెల అమ్మకి రెండో కంటి ఆపరేషన్. ఈసారి మొదటి రోజు చుక్కలు మొదలుపెట్టే ముందే కాగితం మీద మోతలు లెక్క వేసి పెట్టుకున్నాను.