వీడియోలో మాట వెతకాలంటే: ఎస్ఆర్‌టీ ఫైలా, వట్టి ట్రాన్‌స్క్రిప్టా? ఏది మేలు?

గంటా ఇరవై నిమిషాల వ్యవసాయ పాఠం ఒకటి నా దగ్గరుంది. అందులో వేప నూనె మోతాదు ఎక్కడ చెప్పారో కావాలి. ఎస్ఆర్‌టీ, అంటే టైములతో ఉన్న సబ్‌టైటిల్ ఫైలు, ఉందిగదా అని తెరిచి "వేప నూనె" అని వెతికితే ఒక్కటీ దొరకలేదు. చెప్పలేదేమో అనుకున్నా. చెప్పారు, ఇదిగో:

```
212
00:41:07,200 --> 00:41:10,600
లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేప

213
00:41:10,800 --> 00:41:13,400
నూనె కలిపి సాయంత్రం కొట్టండి
```

"వేప" ఒక ముక్కలో, "నూనె" ఇంకో ముక్కలో పడ్డాయి. మధ్యలో ఖాళీ వరుస, అంకె, టైము అడ్డం. ఎస్ఆర్‌టీని తెర మీద చదవడానికి కోస్తారు, వెతకడానికి కాదు. అందుకే ఒక్క మాటైతే దొరుకుతుంది, రెండు మాటలు కలిపి అడిగితే జారిపోవచ్చు.

వట్టి ట్రాన్‌స్క్రిప్టులో ఈ బాధ లేదు, వాక్యం వాక్యంగానే ఉంటుంది. కానీ దొరికాక ఏం చేస్తాం? అది నలభై ఒకటో నిమిషమని ఎవరు చెప్తారు? వీడియోని ముందుకీ వెనక్కీ లాక్కుంటూ కూర్చోవాలి.

బొమ్మలోనే అచ్చేసిన సబ్‌టైటిల్స్ సంగతి చెప్పక్కర్లేదు. అవి అక్షరాలు కావు, బొమ్మలు.

నా ఓటు ఎస్ఆర్‌టీకే, అదీ అసలు ప్రతిగా. టైములు తీసేయడం క్షణం పని. తీసేసినవి మళ్లీ అతికించాలంటే ఆడియోతో సరిచూసుకోవాలి. వెతకడానికి మాత్రం దాన్నుంచే, లినక్స్ టెర్మినల్‌లో ఈ కమాండ్‌తో, వట్టి ప్రతి తీస్తాను:

```
tr -d '\r' < paatham.srt | grep -v -e '-->' -e '^[0-9]*$' | tr '\n' ' ' > paatham.txt
```

మొదటి `tr` ఎందుకంటే, విండోస్‌లో చేసిన ఫైళ్లలో వరుస చివర కనపడని గుర్తు ఒకటుంటుంది. అది ఉంటే అంకెల వరుసలు పోవు, వాక్యాల మధ్య 213, 214 అంటూ మిగిలిపోతాయి. మాట ఈ ప్రతిలో దొరికాక, పక్కనున్న అరుదైన పదం పట్టుకుని ("మిల్లీలీటర్ల" లాంటిది) ఎస్ఆర్‌టీలో చూస్తే టైము తెలుస్తుంది.

రెండింటికీ ఉన్న తెలుగు తలనొప్పి ఒకటుంది. ఒకరు "మార్కెట్‌లో" అని విడదీసి కొడతారు, ఇంకొకరు "మార్కెట్లో" అని కలిపేస్తారు. విడదీసినదాంట్లో కంటికి కనపడని అక్షరం ఒకటి దూరి ఉంటుంది, కాబట్టి ఒకటి వెతికితే రెండోది రాదు. "మార్కెట్" వరకే కొట్టండి, రెండూ వస్తాయి. "చెట్టు" బదులు "చెట్" అని కొడితే "చెట్లకు" కూడా పడుతుంది. ఇక "వేపనూనె" అని కలిపి రాసిన చోటు పట్టుకోవాలంటే మాత్రం రెండోసారి వెతకాల్సిందే.