డీఎన్ఎస్ మార్చడమా, రూటర్ ఆపి వేయడమా, ముందు లైట్లు చూడడమా: ఏది మేలు?

ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని షాపుకు వస్తారు. "అన్నా, నెట్ రావడం లేదు, డీఎన్ఎస్ ఏదో పోయిందంట" అంటారు. ఆన్ చేసి మా వైఫైకి కలిపితే చక్కగా వచ్చేస్తుంది. వాళ్లు నా మొహం చూస్తారు, నేను వాళ్ల మొహం చూస్తాను. తిరుపతి బైరాగిపట్టెడలో షాపు పెట్టినప్పటి నుంచి నెలకు నలుగురైదుగురు ఇలా వస్తూనే ఉన్నారు. అందరి స్క్రీన్ మీదా కనిపించేది ఒకటే: డైనోసార్ బొమ్మ, దాని కింద చిన్న అక్షరాల్లో DNS_PROBE_FINISHED_NO_INTERNET.

వాళ్లు అడిగేది కూడా ఒకటే. వీడియోల్లో డీఎన్ఎస్ 8.8.8.8 పెట్టమంటున్నారు, ఇంట్లోవాళ్లు రూటర్ ఆపి ఆన్ చేయమంటున్నారు, ముందు ఏది చేయాలి? నన్నడిగితే ఆ రెండింటికంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. అది చెప్పే ముందు ఆ మెసేజ్‌కు అర్థం చూద్దాం. ఏది మేలో అక్కడే తేలిపోతుంది.

సైటు పేరు చెబితే దాని అడ్రసు వెతికిపెట్టేది డీఎన్ఎస్. ఆ అడ్రసు దొరకనప్పుడు క్రోమ్ వెంటనే చేతులెత్తేయదు. ఒక చిన్న పరీక్ష చేస్తుంది. ప్రోబ్ అంటే అదే. మీ కంప్యూటర్‌లో సెట్ అయి ఉన్న డీఎన్ఎస్ సర్వర్‌ను ఒకసారి అడుగుతుంది. దాంతోపాటు గూగుల్ పబ్లిక్ డీఎన్ఎస్‌ను, అంటే 8.8.8.8ను కూడా సొంతంగా అడుగుతుంది. మీ సర్వర్ సరిగ్గా జవాబిస్తే ఆ సైటు పేరే లేదని లెక్క, అప్పుడు మెసేజ్ చివర NXDOMAIN అని వస్తుంది. మీ సర్వర్ పలకకుండా గూగుల్‌ది పలికితే మీ సెట్టింగ్‌లో తప్పుందని లెక్క, చివర BAD_CONFIG అని వస్తుంది. రెండూ పలకకపోతేనే NO_INTERNET.

ఇప్పుడు వీడియోల సలహా ఒకసారి గుర్తు చేసుకోండి. డీఎన్ఎస్‌ను 8.8.8.8కు మార్చమంటారు. ఆ 8.8.8.8ను క్రోమ్ అప్పటికే తలుపు తట్టి చూసింది, జవాబు రాలేదు కాబట్టే మీకు ఈ మెసేజ్ చూపించింది. మళ్లీ అదే తలుపు మీరు చేత్తో తట్టినా పలికేదేముంది? మెసేజ్‌లో డీఎన్ఎస్ అన్న మాట ఉండడంతో అందరూ దాని వెంట పడతారు కానీ, అసలు సంగతి చివరి రెండు మాటల్లోనే ఉంది. ఆ పేజీలోనే కేబుళ్లు, మోడెమ్, రూటర్ చూసుకోండని రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు.

ఇంకో తేడా కూడా తెలిసి ఉంటే మంచిది. వైఫై ఆపేసినా, కేబుల్ ఊడిపోయినా సాధారణంగా వచ్చేది ERR_INTERNET_DISCONNECTED. అంటే కంప్యూటర్‌కు ఏ నెట్‌వర్కూ అందలేదు. NO_INTERNET వచ్చిందంటే మాత్రం చాలాసార్లు మీ కంప్యూటర్ రూటర్ దాకా బాగానే వెళ్తోంది, అక్కడి నుంచి ముందుకు దారి లేదు. వైఫై గుర్తు నిండుగా ఉన్నా నెట్ రాకపోవడానికి కారణం ఇదే. ఆ గుర్తు చెప్పేది హాల్లోని పెట్టెకు, మీ ల్యాప్‌టాప్‌కు మధ్య సంగతి మాత్రమే. వీధిలో స్తంభం మీద ఏం జరిగిందో దానికేం తెలుసు?

రూటర్ ఆపి వేయడం డీఎన్ఎస్ మార్చడం కంటే నూరు రెట్లు మేలు, కాదనను. పెట్టె హ్యాంగ్ అయినా, సర్వీసువాళ్ల దగ్గర లాగిన్ తెగిపోయినా అది పనిచేస్తుంది. ఆపాక రెండు నిమిషాలు ఆగి వేయండి. టక్కున ఆపి టక్కున వేస్తే పాత లాగిన్ అవతల ఇంకా తెరిచే ఉండి, కొత్తదాన్ని రానివ్వకపోవచ్చు. అయినా నేను దీన్ని రెండో స్థానంలోనే పెడతాను. ఆపేముందు పెట్టె మీద లైట్లు ఏం చెబుతున్నాయో చూడకపోతే ఆ ఆధారం పోతుంది. మళ్లీ వెలిగేటప్పుడు అన్నీ మినుకుమినుకుమంటాయి, ఏది జబ్బో ఏది మామూలో తెలియదు. ఇక పెట్టె వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో గుచ్చే రీసెట్ జోలికి మాత్రం అస్సలు పోవద్దు. అది ఆపి వేయడం కాదు. లాగిన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అన్నీ చెరిపేస్తుంది. పది నిమిషాల్లో వచ్చే నెట్ కాస్తా, కేబుల్ అబ్బాయి ఇంటికొచ్చి సెట్ చేసేదాకా రాదు.

కాబట్టి నా ఓటు ముందు చూడడానికే. అది కూడా రెండే చూపులు. మొదటిది ఫోన్: ఇంట్లో ఇంకో ఫోన్‌ను అదే వైఫైకి కలిపి ఏదైనా కొత్త సైటు తెరవండి. ఇక్కడే చాలామంది మోసపోతారు, మొబైల్ డేటా ఆపడం మరిచిపోతారు. వైఫైలో నెట్ లేకపోతే ఫోన్ చప్పుడు చేయకుండా మొబైల్ డేటాకు మారిపోతుంది, మీరేమో ఫోన్‌లో వస్తోంది కదా, ల్యాప్‌టాప్‌దే తప్పు అనుకుని దాన్ని సంచిలో వేసుకుని షాపుకు బయల్దేరతారు. డేటా ఆపాక కూడా ఫోన్‌లో నెట్ వస్తుంటే అప్పుడు తప్పు నిజంగా ల్యాప్‌టాప్‌దే. ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉండిపోయిందా, యాంటీవైరస్ ఫైర్‌వాల్ అడ్డుపడుతోందా అన్నవి ముందు చూసుకోండి.

ఫోన్‌లోనూ రాకపోతే రెండో చూపు పెట్టె మీద. ఫైబర్ కనెక్షన్ అయితే ఎల్ఓఎస్ అన్న చోట ఎర్ర లైటు వెలుగుతోందా చూడండి. వెలిగితే ఫైబర్‌లో వెలుతురు మీ పెట్టె దాకా రావడం లేదని అర్థం. వైరు ఎక్కడో తెగింది, లేదా బాగా వంగింది. రోడ్డు తవ్వకాలో, తీగల మీద కోతుల ఉయ్యాలో, మన ఊళ్లో రెండూ ఉన్నవే. దీనికి ఎన్నిసార్లు ఆపి వేసినా ప్రయోజనం లేదు, ఫోన్ చేసి కంప్లయింట్ ఇవ్వడమే. ఎల్ఓఎస్ లైటు లేకుండా, ఫైబర్ లైను కలిసిందని చెప్పే పీఓఎన్ లైటు నిలకడగా పచ్చగా ఉండి, ఇంటర్నెట్ లైటు మాత్రం వెలగకపోతే వైరు బాగుంది, లాగిన్ కాలేదని లెక్క.

చిత్తూరు కొంగారెడ్డిపల్లెలో మా బావ వాళ్లింట్లో జరిగింది సరిగ్గా ఇదే. 300 రూపాయల దర్శనం టికెట్లు పదింటికి ఇడుస్తారని అక్క ఎనిమిదిన్నర నుంచే కూర్చుంది. తొమ్మిదిన్నరకు బావ ఫోన్. "ఏంది బావా ఇంత పొద్దున?" అన్నా. "నెట్ పోయిందిరా, డీఎన్ఎస్ అని ఏందో పడతా ఉంది. వీడియో చూసి ఎనిమిదులు పెట్టినా, అయినా రాలే. మీ అక్క ఒకటే టెన్షన్."

ముందు ఒక ఫోన్‌లో మొబైల్ డేటా మీదే అక్క పని కానివ్వమన్నా. తర్వాత ఇంకో ఫోన్‌లో డేటా ఆపి చూడమన్నా, అందులోనూ లేదు. లైట్లు అడిగితే పవర్ ఉంది, పీఓఎన్ పచ్చగా ఉంది, ఎల్ఓఎస్ లేదు, ఇంటర్నెట్ లైటు ఆరిపోయి ఉంది. సంగతి దాదాపు తెలిసిపోయింది కానీ, రూఢి చేసుకుందామని ల్యాప్‌టాప్‌లో, అవతలివైపు పలుకుతోందో లేదో చూసే పింగ్ కమాండ్లు రెండు కొట్టమన్నా. మొదటిదాంట్లో ఉన్నది రూటర్ అడ్రసు. కొన్ని ఇళ్లలో వేరే ఉంటుంది, ipconfig కొడితే Default Gateway ఎదురుగా కనిపిస్తుంది.

```
ping 192.168.1.1
ping 8.8.8.8
```

మొదటిదానికి జవాబులు వచ్చాయి. రెండోదానికి వచ్చింది ఇది:

```
Reply from 192.168.1.1: Destination net unreachable.
```

ఈ మాట అన్నది గూగుల్ కాదు, బావ ఇంట్లోని పెట్టే. నా దగ్గర బయటికి దారే లేదు అంటోంది. వైరు బాగుంది, పెట్టె బతికే ఉంది, బయట దారి లేదు, అంటే లాగిన్. "బిల్లు కట్టినావా బావా?" అంటే "మొన్ననే చేతికి ఇచ్చినా కదరా" అన్నాడు. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే డబ్బులు జేబులో ఉన్నాయి, సిస్టమ్‌లో ఎక్కించడం మరిచిపోయాడు. అతను ఎక్కించాక బావ పెట్టె ఆపి రెండు నిమిషాలాగి వేశాడు, ఇంటర్నెట్ లైటు వెలిగింది. ఫోన్‌లో నెట్ వచ్చింది.

ల్యాప్‌టాప్‌లో మాత్రం రాలేదు. ఈసారి మెసేజ్ మారింది: DNS_PROBE_FINISHED_BAD_CONFIG. పైన చెప్పిన లెక్కే. గూగుల్‌ది పలుకుతోంది, ల్యాప్‌టాప్‌లో పెట్టింది పలకడం లేదు. పొద్దున ఎనిమిదులు పెట్టేటప్పుడు బావ ఒక అంకె తప్పు కొట్టాడు. అప్పటిదాకా లేని జబ్బును వీడియో చూసి తెచ్చుకున్నాడన్నమాట. డీఎన్ఎస్‌ను మళ్లీ ఆటోమేటిక్ చేయించాక అంతా సర్దుకుంది.

డీఎన్ఎస్‌ను అనుమానించాల్సిన సందర్భాలు అసలు లేవని కాదు. 8.8.8.8కు పింగ్ జవాబు వస్తూ, క్రోమ్ మాత్రం NO_INTERNET అంటుంటే డీఎన్ఎస్ ప్రశ్నలను మధ్యలో ఏదో ఆపుతోందని అర్థం. కాలేజీ హాస్టళ్లలో, ఆఫీసుల్లో బయటి డీఎన్ఎస్‌ను అడ్డుకునే ఫైర్‌వాల్ పెట్టి ఉంటారు. అక్కడ లోపలి డీఎన్ఎస్ సర్వర్ ఒక్కటి పడిపోయినా క్రోమ్‌కు రెండూ పలకనట్టే కనిపిస్తుంది. అప్పుడు కూడా 8.8.8.8 పెట్టడం వల్ల లాభం లేదు, అదీ అడ్డుపడేదే. నెట్‌వర్క్ చూసుకునేవాళ్లకు చెప్పుకోవాలి.

మిగతా సలహాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ipconfig /flushdns పాత అడ్రసులను చెరిపేస్తుంది, హాని లేదు, ఈ మెసేజ్‌కు మందూ కాదు. క్రోమ్ తీసేసి మళ్లీ వేయడం దండగ. నెట్‌వర్క్ రీసెట్ చేస్తే ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ గుర్తున్నవాళ్లెవరో వెతుక్కోవాల్సి వస్తుంది.

బావ ఇప్పుడు ఒక పని చేశాడు. నెట్ బాగా వస్తున్నప్పుడు పెట్టె ముందు నిలబడి లైట్లకు ఫోటో తీసి పెట్టుకున్నాడు. మొన్న మళ్లీ నెట్ పోతే ఆ ఫోటో, అప్పటి ఫోటో రెండూ పక్కపక్కన వాట్సాప్‌లో పంపించాడు. రెండోదాంట్లో ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది. నాకు ఫోన్ చేయలేదు, నేరుగా కేబుల్ అబ్బాయికే చేశాడు.