వెదురు వాసాలు, కలప వెన్నుగాడి: మా పెంకుటింటి కప్పు ఇన్నేళ్లలో ఎలా నిలబడింది

రంపచోడవరం దగ్గర మా రెండు గదుల ఇంటికి 2014లో వెదురు వాసాలు, వాటి పై కొసలు ఆనే నడిమి దూలంగా మందు పట్టించిన కలప వెన్నుగాడి వేసి, పైన బెంగుళూరు పెంకులు పరిచాం. గదుల లోపలి భాగం ఇప్పటికీ గట్టిగా ఉంది. తేడా వచ్చిందల్లా చూరు దగ్గరే.

ముందు కొలతలు చెప్తాను. ఒక్కో గది 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు. వెన్నుగాడి ఒక త్రికోణపు గోడ నుంచి ఇంకో గోడకు 10 అడుగులు దాటుతుంది. కప్పు బరువులో సగం దాని మీదికే వస్తుంది. చదరపు మీటరుకు పెంకు, చట్రం కలిపి 60 కిలోలు వేసుకున్నా, ఒక్క గదికే 300 కిలోలు దాటుతుంది. అక్కడ మూడున్నర అంగుళాల వెదురు వేస్తే లెక్క ప్రకారం దాదాపు 2 అంగుళాలు కుంగుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా దిగుతుంది. అదే 3 అంగుళాల మందం, 6 అంగుళాల ఎత్తు ఉన్న కలపను నిలువుగా పెడితే పావు అంగుళం కూడా కుంగదు. అందుకే వెన్నుగాడికి కలప, వాసాలకు సాధనపు వెదురు వాడాం. వెదురు ఖరీదు తక్కువ కదా అని అన్నీ వెదురుతోనే చేయమనేవాళ్లు ఈ ఒక్క చోట ఆగి ఆలోచించాలి.

వాసాలు మొదలు వైపు 3 అంగుళాలు లావున్నవి, గుల్ల తక్కువ ఉన్నవి ఏరాం. వెన్నుగాడి నుంచి గోడకు అడ్డంగా కొలిస్తే 6 అడుగులే, వాసానికీ వాసానికీ మధ్య అడుగున్నర. పెంకు మార్చడానికి మనిషి ఎక్కినా ఇబ్బంది లేదు. ఆ 6 అడుగుల దూరాన్ని రెట్టింపు చేస్తే అదే వాసం, అదే ఎడంతో కుంగుదల 16 రెట్లవుతుంది. వెదురు విరగకముందే ఇలా వంగుతుంది, పెంకుల మధ్య సందులు తెరుచుకుని నీళ్లు దిగుతాయి. పెంకుటి కప్పుకు 7 అడుగులు దాటితే మధ్యలో ఇంకో దూలం ఇవ్వాల్సిందే.

మందు పని అనుకున్నదానికన్నా ఓపిక అడిగింది. మూడేళ్లు దాటిన బొంగులను వానలు వెనకబట్టాక కొట్టించాం. అప్పుడు లోపల పిండి పదార్థం తక్కువగా ఉంటుంది, పుచ్చు పురుగుకు కావలసింది అదే. 100 లీటర్ల నీటికి 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ యాసిడ్. ముందు వేడినీళ్లలో కరిగించి తర్వాత తొట్టిలో కలపాలి. వెదురు పై చర్మం నీటిని దాదాపు లోపలికి పోనివ్వదు, కాబట్టి పొడవాటి ఇనుప ఊచతో కణుపుల లోపలి అడ్డుపొరలు పొడవాలి. ఆ తర్వాత వారం పది రోజులు పూర్తిగా మునిగేలా ఉంచి, నీడలో నిలబెట్టి ఆరబెట్టాం. వెన్నుగాడి మాత్రం ప్రెజర్ ట్రీట్‌మెంట్ చేసే ప్లాంటు నుంచి తెచ్చాం. కోసిన చివర్లకు మళ్లీ మందు పూయాలి, ఎందుకంటే మందు పట్టని లోపలి చేవ అక్కడ బయటపడుతుంది. ఆ కోత ముక్కలను పొయ్యిలో పెట్టకండి. కొన్ని మందుల్లో ఆర్సెనిక్ ఉంటుంది, ఆ పొగ విషం.

అతుకుల విషయంలో మా ఇంట్లోనే రెండు రకాలు చూస్తున్నాం. వెనక వసారాకు వచ్చిన మేస్త్రి మేకులు కొట్టేశాడు. తొలి వేసవికే మేకు దగ్గర మొదలైన చీలిక కణుపుదాకా పాకింది. ఇంట్లో మాత్రం డ్రిల్లుతో బెజ్జం వేసి, 10 మిల్లీమీటర్ల బోల్టు, రెండు వైపులా వెడల్పాటి వాషర్ పెట్టాం. బెజ్జానికీ వాసం చివరకూ మధ్య ఒక కణుపు ఉండేలా చూశాం, చీలిక మొదలైనా ఆ కణుపు దగ్గర ఆగుతుంది. బోల్టు ఉన్న గుల్లలో సిమెంటు, ఇసుక కలిపి నింపితే బిగించేటప్పుడు వెదురు నలగదు. ఎదురెదురు వాసాలను వెన్నుగాడి మీద ఒకే బోల్టుతో కలిపాం. గోడ వైపు ప్రతి వాసాన్నీ గోడలోకి రెండడుగులు దిగిన ఇనుప పట్టీతో పట్టించాం, ఈదురుగాలి కప్పును తొక్కదు, పైకి లేపుతుంది. వెదురు ఆరి సన్నబడుతుంది కాబట్టి మొదటి ఎండాకాలం తర్వాత బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. మాకు చాలావరకు అరచుట్టు తిరిగాయి.

ఇక చూరు. బోరాన్ నీటిలో కరుగుతుంది, వాన తగిలే చోట మెల్లగా కడుక్కుపోతుంది. గోడ దాటి బయటికి వచ్చిన వాసాల చివర్లు నాలుగైదేళ్లకే నల్లబడ్డాయి. కొన్నింటి కింద గోధుమ పిండిలాంటి పొడి, పైన గుండుసూది తలంత బెజ్జాలు. అది పుచ్చు. మట్టి గీతలుంటే చెద. వేలితో కొట్టి చూసినా తెలుస్తుంది, ఆరోగ్యంగా ఉన్నది ఖంగున మోగుతుంది, పుచ్చినది బొదబొదమంటుంది. మొత్తం వాసాలు మార్చలేదు. పాడైన చివర్లు గోడదాకా కోసేసి, మందు పట్టించిన సరుగుడు ముక్కలను పక్కనే జోడించి రెండేసి బోల్టులు వేశాం. కొత్తగా కట్టుకునేవాళ్లు వెదురును గోడ దగ్గరే ఆపి, చూరు భాగం మొదటి నుంచీ అలాంటి కలపతోనే చేయించుకోండి. వెదురు తెరిచిన నోళ్లను సిమెంటుతో మూయించండి.